మొదటి పేజీలో గుంత

మా నాయనకు అచ్చు కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూసే అలవాటు ఉండేది. ధర్మవరంలో ఒక చిన్న ప్రెస్సులో ముప్పై ఏళ్ళు సీసపు అక్షరాలు పేర్చిన మనిషి ఆయన. ప్రూఫు తీయగానే ముందు చదివేవాడు కాదు. కాగితాన్ని తిప్పి, చేయి బారుగా చాచి, కళ్ళు సగం మూసి చూసేవాడు. అట్లా చూస్తే మాటలు కనపడవనీ, మాటల మధ్య తెలుపు మాత్రమే కనపడుతుందనీ చెప్పేవాడు. తెలుపు ఎక్కడైనా ఎక్కువైతే దాన్ని గుంత అనేవాడు. గుంత ఉన్న వరుసను విప్పి మళ్ళీ పేర్చేదాకా ఆయనకు కాఫీ కూడా రుచించేది కాదు.

నేను హిందూపురంలో డీటీపీ సెంటరు నడుపుతున్నాను. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఒక కవితల పుస్తకం. ఆయన కూతుర్నని చెప్పుకుంటాను గానీ, ఆయన బతికి ఉండగా నా పేజీ ఒక్కటి కూడా ఆయన చేత బాగుందనిపించుకోలేదు. ఆ కొరత నన్ను వదల్లేదు. పోయిన శ్రావణానికి ముందు మా అత్త ఒక పుస్తకం పని చెప్పినప్పుడు నేను ఎగిరి గంతేసింది అందుకే.

మా అత్త అంటే నాయనకు అక్క. పెనుకొండలో ఉంటుంది. ఎనభై దాటాయి. శ్రావణ శుక్రవారాల్లో వాళ్ళ వీధి ఆడవాళ్ళకు వ్రత కథలు చదివి వినిపించేది ఆమే. ఎప్పుడో తన మాటల్లో తనే రాసుకున్న కథలవి. వాటిని అరచేతిలో ఇమిడే చిన్న పుస్తకంగా నాయన పేర్చి అచ్చువేయించాడు. నాకప్పుడు పదేళ్ళు. వేసవి సెలవుల్లో ప్రెస్సులో ఎత్తు పీట మీద కూర్చుని అత్త రాతప్రతిని నేను బిగ్గరగా చదువుతుంటే, నాయన గళ్ళగళ్ళ అక్షరాల కేసు ముందు నిలబడి ఒక్కొక్కటే ఏరుకునేవాడు. నేను ఒక మాట పలికి రెండో మాట పలికేలోగా మొదటిది ఆయన చేతిలో, వరుస పేర్చే ఇనుప స్టిక్కులో ఉండేది. సీసం మీద సీసం పడే ఆ చిన్న చప్పుడు నాకు ఇప్పటికీ కావాలనిపిస్తుంది. ఎక్కడ దొరుకుతుంది? ఆ ప్రెస్సు ఉన్న చోట ఇప్పుడు పట్టుచీరల షోరూం ఉంది.

ఆ పుస్తకం ప్రతులన్నీ పోయి అత్త దగ్గర ఒక్కటే మిగిలింది. దానికీ నూనె మరకలు, పసుపు, చెదలు. పేజీ తిప్పితే పేజీ చేతికొస్తోంది. వరలక్ష్మి వ్రతం నాటికి మళ్ళీ వేయించి, వచ్చిన ప్రతి ఆడమనిషికీ వాయనంలో తమలపాకులతో పాటు ఒక పుస్తకం ఇవ్వాలని అత్త కోరిక. ఎందుకింత తొందర అంటే, తన చూపు తగ్గుతోందనీ, గొంతు కూడా మునుపటిలా లేదనీ, తర్వాత ఎవరో ఒకరు ఈ కథలు అందుకోవాలనీ చెప్పింది. రెండు షరతులు పెట్టింది. పుస్తకం అదే అరచేయంత ఉండాలి. అక్షరాలు మాత్రం ముసలి కళ్ళకు ఆనేంత పెద్దవి కావాలి.

ఈ రెండూ ఒకదానికొకటి పడవని నాకు తెలుసు. తెలుగు మాట పొడుగు మాట. ‘కూర్చోబెట్టుకున్నప్పుడు’ అన్న ఒక్క మాటే సగం వరుస మింగేస్తుంది. వెడల్పు తక్కువ, అక్షరం పెద్దదైతే వరుసకు మూడు మాటలు పడితే గొప్ప. నాలుగో మాట పట్టక కింది వరుసకు పోతుంది. అది ఖాళీ చేసిపోయిన చోటంతా మిగిలిన మాటల మధ్య పంచక తప్పదు, ఎందుకంటే రెండు అంచులూ సమంగా ఉండాలని మనం జస్టిఫై చేస్తాం. మాటల మధ్య సందు ఎంత ఉండాలో తక్కువకు తక్కువ, ఎక్కువకు ఎక్కువ హద్దులు పెట్టవచ్చు. కానీ మాట విరవడానికి వీల్లేనప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ హద్దును కూడా దాటేస్తుంది. దానికి వేరే దారి లేదు పాపం.

ఇవన్నీ తెలిసి కూడా నేను చేసిన పని చెప్తే నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు నవ్వుతారు. నాయన ఎక్కడ వరుస తెంచాడో అక్కడే నేనూ తెంచాలనుకున్నాను. ఆయన పేజీ ఎట్లా ఉందో అట్లాగే రావాలని ఆశ. పాత పుస్తకం పక్కన పెట్టుకుని టైపు చేస్తూ, ఆయన ప్రతి వరుస చివరా షిఫ్ట్ ఎంటర్ కొట్టుకుంటూ పోయాను. ఆయన మాటను విరిచి చిన్న గీత పెట్టిన చోట నేనూ గీత కొట్టి షిఫ్ట్ ఎంటర్ కొట్టాను. టైపు చేసి తెచ్చే కస్టమర్లకు వరుస వరుసకూ ఎంటర్ కొట్టొద్దని రోజుకు పదిసార్లు చెప్పేదాన్ని నేనే. చెప్పేవి శ్రీరంగనీతులంటే ఇదే.

నాయన సీసపు అక్షరం లావు. నా కంప్యూటర్ అక్షరం, ఎత్తులో పెద్దదే అయినా, అడ్డంలో సన్నం. ఆయన దగ్గర నిండుగా కూర్చున్న వరుస నా దగ్గర ముప్పాతికకే అయిపోయింది. జస్టిఫై చేసిన పేరాలో షిఫ్ట్ ఎంటర్‌తో తెగిన వరుసను అది వదిలిపెట్టదు, రెండో అంచుదాకా సాగదీస్తుంది. ప్రతి వరుసా అట్లాగే సాగింది. నేను చూడలేదా అంటే చూశాను. అవే తెంపులు, అవే మాటలు, నాయన పేజీయే అనుకుని మురిసిపోయాను. ప్రేమ గుడ్డిదని ఊరికే అనలేదు. ప్రింటు తీసి, కుట్టి, మొదటి శ్రావణ శుక్రవారానికి బస్సెక్కి పెనుకొండ తీసుకుపోయాను.

ఆరోజు అత్త నా ప్రూఫు పుస్తకంలోంచే కథ చదివింది. పదిహేనుమంది దాకా ఆడవాళ్ళు అక్షింతలు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. కథ ముగిసి అత్త పుస్తకం దించగానే అవి అమ్మవారి మీద వేయాలి. అత్త వేలు పెట్టి చదువుతుంది. మాట తర్వాత వేలికి తెలుపు ఎక్కువ తగిలితే ఆగి ఊపిరి తీసుకుంటుంది. ఆమె లెక్కలో అంత తెలుపంటే వాక్యం అయిపోయినట్టే. నా పుస్తకంలో ప్రతి మాట తర్వాతా అంత తెలుపు ఉంది. “ఆ ఇల్లాలు” అని ఆగింది. “తలుపు” అని ఆగింది. “తీసేసరికి” అని ఇంకాస్త ఎక్కువసేపు ఆగి, వరుస ఎక్కడుందో వెతుక్కోవడానికి పుస్తకాన్ని కొంచెం దించింది. రొద్దం నుంచి వచ్చిన కొత్త కోడలొకామె, ముగిసిందనుకుని, అక్షింతలు వేసేసింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ వేశారు. అమ్మవారు ఇంకా గడప కూడా దాటలేదు, ఆమె మీద అక్షింతలు పడిపోయాయి. అందరూ నవ్వారు. అత్త మాత్రం నవ్వలేదు.

అందరూ వెళ్ళాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఇన్ని గుంతలేందే పాపా ఈడ? మీ నాయన పుస్తకంలో యాడన్నా ఉండాయా ఇట్ల? నా వేలే ఇందులో దారి తప్పుతాంటే, రేపు కొత్తగా చదివేటోళ్ళు ఏం చదువుతారు? ఇది పంచితే పసుపుకుంకం పొట్లం కట్టుకుంటారు, అంతే.”

గుంత అన్న మాట ఆమె నోట వినేసరికి నాకు చెంప మీద కొట్టినట్టయింది. అదే మాట నాయన ఇరవై ఏళ్ళ కిందట అన్నాడు.

కంప్యూటర్ కొన్న కొత్తలో, నేను మొదటిసారి సొంతంగా కట్టిన కరపత్రాన్ని పట్టుకుని ధర్మవరం పోయాను. రెండు కాలమ్‌లు, రెండు అంచులూ గీత గీసినట్టు. నాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు, కాగితం తలకిందులు చేశాడు, చూశాడు. “గుంతల బాట మాదిరి ఉండాది” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ప్రెస్సు మూతపడిన కడుపుమంట నా మీద చూపిస్తున్నాడనుకున్నాను. లోపలికి పోయి, గూట్లో ఉన్న అత్త పుస్తకం తెచ్చి, మొదటి పేజీ తీసి ఆయన ముందు పెట్టాను. అది అత్త రాసిన ముందుమాట. అందులో ఒక వరుసలో రెండే మాటలు ఉంటాయి, వాటి మధ్య బొటనవేలు పట్టేంత ఖాళీ. పుస్తకం మొత్తానికి అదొక్కటే. మరి ఇదేంది నాయనా, దీన్ని గుంత అనరా అని అడిగాను. ఆయన ఆ పేజీని కాసేపు చూశాడు. పుస్తకం మూశాడు. కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకున్నాడు.

ఆరోజు గెలిచానని అనుకుంటూ హిందూపురం వచ్చాను. మా నాయన నోరు మూయించానని ఎంతమందికి చెప్పుకున్నానో లెక్కలేదు. ఆ తర్వాత మేమిద్దరం పేజీల గురించి మాట్లాడుకోలేదు. రెండేళ్ళకు ఆయన పోయాడు.

పెనుకొండ నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే పనిలో కూర్చున్నాను. వ్రతానికి వారం కూడా లేదు. ముందు నేను కొట్టిన తెంపులన్నీ తీయాలి. దానికి ఒక వరుసక్రమం ఉంది. గీతతో పాటు తెంపు ఉన్న చోట రెంటినీ కలిపి తీసేయాలి, అక్కడ ఏమీ పెట్టకూడదు, అప్పుడే విరిగిన మాట అతుక్కుంటుంది. ఆ తర్వాత మిగిలిన తెంపుల స్థానంలో ఒక్కో ఖాళీ పెట్టాలి. తారుమారు చేస్తే విరిగిన మాటలు విరిగినట్టే మిగిలిపోతాయి. మొదటి రకం ఒక్కదెబ్బతో మార్చేయవచ్చు, కానీ నేను ఒక్కొక్కటే చూసుకుంటూ మార్చాను. నాయన విరిచిన మాటలు ఒకసారి చూడాలనిపించింది.

ఎంత తేలిగ్గా విరిచాడు! ఒత్తును దాని అక్షరం నుంచి ఎప్పుడూ విడదీయలేదు. ఒంటి అక్షరాన్ని వరుస చివర వదలలేదు, కింది వరుసకూ ఒంటరిగా పంపలేదు. వరుసగా మూడు గీతలు ఒకదాని కింద ఒకటి ఎక్కడా రానివ్వలేదు. పేర్లకు కూడా మొహమాటపడలేదు. అమ్మవారి పేరు విరిచాడు. ముందుమాట కింద తన అక్క పేరు విరిచాడు. చివరి పేజీలో కంపోజింగ్ అని వేసుకున్న చోట తన పేరును కూడా రెండు ముక్కలు చేశాడు. అది చూసి నవ్వుకున్నాను.

తర్వాత వరుస చివర మాటను దానంతటదే విరిచి గీత పెట్టే హైఫనేషన్ పెట్టాను. ఏమీ మారలేదు. అర్ధగంట తంటాలు పడ్డాక తెలిసింది, ఆ అక్షరాలకు భాష ఇంగ్లీషని ఉంది. తెలుగు మాటను ఇంగ్లీషు సూత్రాలతో విరవమంటే అదేం విరుస్తుంది? మొత్తం ఎంచుకుని భాష తెలుగని మార్చగానే పేజీ కదిలింది. పొడుగు మాటలు చివర్లలో విరిగి పై వరుసల్లోకి సర్దుకున్నాయి. అట్లా వదిలేస్తే ఒంటి అక్షరాలు కూడా తెంచుతోంది. అందుకని గీతకు ముందు ఎన్ని ఉండాలి, తర్వాత ఎన్ని ఉండాలి అన్న అంకెలు పెంచాను. వరుసగా రెండు గీతలకు మించొద్దని పెట్టాను. ఇవన్నీ నాయన చేతిలో ఉన్న కొలతలే. వరుసకు వరుసగా కాకుండా పేరా మొత్తాన్ని ఒకేసారి చూసి తెంపులు ఎంచుకునే పద్ధతి ఒకటుంది, అది కూడా పెట్టాను. కింది వరుసలో గుంత రాబోతుంటే అది పై వరుసలోనే ఒక మాటను జరుపుతుంది. నాయనా అంతే. పేరా చివరి దాకా నా చేత ఒకసారి చదివించుకుని, రెండోసారి చదివేటప్పుడే మొదటి అక్షరం ఎత్తేవాడు. ఎందుకు నాయనా ముందే మొత్తం అని అడిగితే, దారి చూడకుండా బండి తోలకూడదనేవాడు.

సాయంత్రానికి పుస్తకం తయారైంది. ప్రింటు తీసి, తలకిందులుగా పట్టుకుని చూశాను. ఎక్కడా గుంత లేదు. మొదటి పేజీలో కూడా లేదు. ముందుమాటలో ఆ వరుస గుర్తుంది కదా. ఆ వాక్యంలో అత్త నా గురించే రాసింది, రాతప్రతి చదివి వినిపించిన తమ్ముని కూతురని. నాది తాతమ్మ పేరూ అమ్మవారి పేరూ కలిపి పెట్టిన ఎనిమిది అక్షరాల పేరు. అది వరుసలో పట్టక కిందికి పోవడం వల్లే పైన రెండు మాటలే మిగిలి అంత ఖాళీ వచ్చింది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ నా పేరును నాలుగో అక్షరం దగ్గర విరిచి, మొదటి సగాన్ని పైకి తెచ్చి, ఆ గుంతను పూడ్చేసింది. నిజం చెప్పాలంటే నాకు గర్వమే కలిగింది. నాయన వల్ల కాని వరుస నా వల్ల అయింది. ఆయన ఉంటే ఇప్పుడేమంటాడు అని మనసులో అడిగాను.

మర్నాడు మళ్ళీ పెనుకొండ. అత్త కథ తీసి వేలు పెట్టి చదివింది. ఆ ఇల్లాలు తలుపు తీసేసరికి అమ్మవారు ముత్తైదువ రూపంలో నిలబడి ఉన్నదాకా ఎక్కడా ఆగలేదు. మాట విరిగిన చోట వేలు గీత మీంచి కింది వరుసకు దిగి నడిచిపోయింది. చదివి, పుస్తకాన్ని కళ్ళకద్దుకుంది. “ఇప్పుడు మా తమ్ముని పుస్తకం మాదిరి ఉండాది” అంది. నాకు ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆ మాట కోసమే ఉన్నాను.

ఆ సంతోషంలో గొప్పలకు పోయాను. మొదటి పేజీ తీసి, నాయన వదిలేసిన గుంతను కూడా నేను పూడ్చానని చూపించాను. అత్త పేజీని దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. వేలు నా పేరు మొదటి సగం దగ్గర ఆగింది.

“అది వాడు వదిలేసింది కాదే. అచ్చుకు ముందు నేనే అడిగినా. ఇంత తెలుపు బాగలేదురా, పిల్ల పేరు ఇరిసెయ్యి, లేకుంటే నా మాట మార్చుకో అని. వాడేమన్నాడో తెల్సునా? ‘అందరి పేర్లూ ఇరిసినానక్కా, నాది కూడా ఇరిసినా. ఆ పిల్ల పేరు ఇరిసేదానికి నాకు చెయ్యి రాలేదు. గుంత ఉంటే ఉండనీ’ అన్నాడు.”

నాయన కళ్ళజోడు పెట్టెలో పెట్టుకోవడం కనపడింది. గూట్లోంచి పుస్తకం తెచ్చి ఆయన ముందు విసురుగా పెట్టిన నా చేయి కనపడింది. ఆరోజు ఆయన దగ్గర జవాబు ఉంది. అంత కోపంగా నిలబడిన కూతురికి ఆ జవాబు ఎట్లా చెప్తాడు? నేను ఒక్క నిమిషం ఊరుకుని ఎందుకు నాయనా అని మామూలుగా అడిగి ఉంటే చెప్పేవాడేమో. అడగలేదు. అడగడానికి ఇప్పుడు ఆయన లేడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కొండ కనుమరుగయ్యేదాకా పాత పుస్తకం మొదటి పేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పదేళ్ళ పిల్ల పీట మీద కూర్చుని తన పేరు తానే బిగ్గరగా చదివి ఉంటుంది. ఆయన ఆ ఎనిమిది అక్షరాలూ ఒక్కొక్కటే ఏరి స్టిక్కులో పెట్టుకుని, పట్టలేదని చూసి, అన్నీ కలిపి కింది వరుసకు జరుపుకుని ఉంటాడు. పైన మిగిలిన చోటును అక్షరం కన్నా పొట్టివైన సీసపు ముక్కలతో నింపి ఉంటాడు. అక్కడ తెల్లగా కనపడేది ఉత్త ఖాళీ అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆయన చేత్తో పేర్చిన సీసమే అక్కడా ఉంది, కాకపోతే దానికి సిరా అంటదు.

సెంటరు తలుపు తీసి ఆ ఫైలు తెరిచాను. నా పేరును ఎంచుకుని, దీన్ని విరవొద్దు అన్న గుర్తు పెట్టాను. ఎనిమిది అక్షరాలూ ఒక్కటిగా కింది వరుసకు దిగాయి. సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీని పై వరుసలకు కాస్త పంచాలని చూసింది గానీ, అంత పొడుగు పేరుకు అదేం చేయగలదు? రెండు మాటలు, మధ్యలో బొటనవేలు పట్టేంత తెలుపు. సందులు బిగించి, అక్షరాలు కొంచెం సాగదీసి దాన్ని మాయం చేసే దారులు ఇంకా రెండు మూడు ఉన్నాయి. అవేవీ చేయలేదు. ఫైలు ప్రింటింగుకు పంపించాను.

మర్నాడు పొద్దున ఆఫ్‌సెట్ ప్రెస్సు ఆయన ఫోన్ చేశాడు. పనిలో శ్రద్ధ ఉన్న మనిషి, ప్లేటు తీసేముందు ప్రతి పేజీ చూస్తాడు.

“అక్కా, పుస్తకమంతా నీట్‌గా ఉండాది. మొదటి పేజీలో ఒక లైన్లో మాత్రం గుంత పడింది. చూసుకోలేదేమో. సరిచేసి పంపిస్తారా, ఆగమంటారా?”

“ఉండనీప్పా” అన్నాను.

“చూసినోళ్ళు తప్పు అనుకుంటారక్కా.”

“అనుకోనీ. నేనూ ఇరవై ఏళ్ళు అట్లే అనుకున్నా.”